పిన్‌లో ‘ప’ వేరు, స్పిన్‌లో ‘ప’ వేరు

1960లో జాన్ లాట్జ్, ఆర్థర్ అబ్రమ్సన్, మరో ముగ్గురు పరిశోధకులు కలిసి చేసిన ఒక ప్రయోగం ‘లాంగ్వేజ్ అండ్ స్పీచ్’ అనే పత్రికలో వచ్చింది. చేసిన పని చూస్తే చాలా మామూలుగా ఉంటుంది. స్పిన్, స్టిల్, స్కిల్ లాంటి ఇంగ్లీషు మాటల్ని టేపు మీద రికార్డు చేశారు. ఆ టేపులో మొదటి ‘స్’ శబ్దం ఉన్న ముక్కను కోసి తీసేశారు. మిగిలినదాన్ని రకరకాల భాషల వాళ్లకు వినిపించి, ఏం వినబడిందో చెప్పమన్నారు.

స్పిన్‌లోంచి ‘స్’ తీసేస్తే పిన్ మిగలాలి కదా. అక్షరాల లెక్క ప్రకారం అంతే. కానీ ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్లలో ఎక్కువమందికి అక్కడ ‘బ’ వినిపించింది, అంటే పిన్ బదులు బిన్. స్పానిష్, హంగేరియన్ భాషల వాళ్లకు అదే ముక్క ‘ప’గా వినిపించింది. థాయ్ వాళ్లు దాన్ని తమ భాషలో ఉన్న ఒత్తులేని ‘ప’గా గుర్తుపట్టారు. టేపు ఒకటే, దాని మీదున్న శబ్దమూ ఒకటే, విన్న చెవులే వేరు.

ఇంగ్లీషు వాళ్లు తాము రోజూ పలికే స్పిన్‌లోని ‘ప’ను విడిగా వినిపిస్తే ‘ప’ అని ఎందుకు ఒప్పుకోలేదు? దీనికి జవాబు తెలిస్తే భాషాశాస్త్రంలో ఫోనీమ్ అంటే ఏమిటో, అల్లోఫోన్ అంటే ఏమిటో తెలిసినట్టే. తెలుగులో భాషాశాస్త్రం రాసేవాళ్లు వీటిని వర్ణం, సవర్ణం అంటారు. నేనూ ఆ మాటలే వాడతాను. ఇక్కడ వర్ణమంటే మనం బళ్లో దిద్దిన అక్షరం కాదని మాత్రం గుర్తుంచుకుంటే చాలు.

ముందు నోట్లో ఏం జరుగుతుందో చూద్దాం. ‘ప’ పలకడానికి పెదవులు మూస్తాం. ఊపిరితిత్తుల నుంచి వచ్చే గాలి దారి లేక పెదవుల వెనక ఆగి ఒత్తిడి పెంచుతుంది. పెదవులు విడివడగానే అది చిన్న పేలుడులా బయటపడుతుంది. ఇలా గాలిని పూర్తిగా ఆపి వదిలే ధ్వనుల్ని స్పర్శాలంటారు. క, ట, త, ప వర్గాల మొదటి నాలుగేసి అక్షరాలు ఇవే. ‘ప’ తర్వాత ‘అ’ పలకాలంటే గొంతులోని స్వరతంత్రులు దగ్గరికొచ్చి కంపించాలి. పెదవులు విడిపోయిన క్షణానికీ స్వరతంత్రులు కంపించడం మొదలుపెట్టిన క్షణానికీ మధ్య ఎంత ఎడం ఉందన్నదే మన కథకు మూలం. ఎడం దాదాపు లేకపోతే ఒత్తులేని ‘ప’ వస్తుంది. ఎడం ఎక్కువైతే, ఆ ఖాళీలో తెరిచి ఉన్న గొంతులోంచి వట్టి గాలి ‘హ్’ అన్నట్టు బయటికి వస్తుంది. అది ఒత్తు ‘ఫ’. పెదవులు విడకముందే స్వరతంత్రులు కంపిస్తూ ఉంటే అది ‘బ’. మన వ్యాకరణాలు మొదటిదాన్ని అల్పప్రాణమనీ రెండోదాన్ని మహాప్రాణమనీ పిలిచాయి. ప్రాణమంటే ఇక్కడ ఊపిరి.

ఈ ఎడాన్ని మొదట పద్ధతిగా కొలిచింది లీ లిస్కర్, ఆర్థర్ అబ్రమ్సన్. 1964లో వాళ్లు అచ్చేసిన పరిశోధనలో పదకొండు భాషలున్నాయి. తెలుగు లేదు గానీ హిందీ, మరాఠీ, తమిళం ఉన్నాయి. వాళ్ల కొలతల్లో హిందీ ‘ప’కు ఎడం సగటున 13 మిల్లీసెకన్లు, ‘ఫ’కు 70 దాకా వచ్చింది. మిల్లీసెకను అంటే సెకనులో వెయ్యో వంతు. ఇంగ్లీషులో పదం మొదట వచ్చే ‘ప’కు 60కి కాస్త తక్కువగా వచ్చింది. ఇంగ్లీషు ‘బ’ను చాలామంది స్వరతంత్రుల కంపన ముందుగా మొదలుపెట్టకుండానే పలికారు. ఎడం సున్నాకు దగ్గర్లో ఉంది.

ఈ అంకెల్ని పక్కపక్కన పెట్టి చూడండి. పిన్ అనే మాటలో ఇంగ్లీషువాడి ‘ప’ మన ‘ప’ కంటే మన ఒత్తు ‘ఫ’కే చాలా దగ్గర. అతని ‘బ’ మన ‘ప’కు దగ్గర. ఇక స్పిన్‌లో ‘స్’ తర్వాత వచ్చే ‘ప’కు గాలి ఉండదు, అచ్చం మన ‘ప’లా ఉంటుంది. అందుకే ‘స్’ కోసేయగానే అది ఇంగ్లీషు చెవికి ‘బ’ అయిపోయింది.

నోటికి నాలుగు వేళ్ల దూరంలో పల్చటి కాగితం ముక్క పట్టుకుని పిన్, స్పిన్ అనమని పుస్తకాలు చెబుతాయి. పిన్ అన్నప్పుడు కాగితం ఎగురుతుందనీ స్పిన్ అన్నప్పుడు కదలదనీ రాస్తాయి. ఆ పుస్తకాలు రాసింది ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్ల కోసం. మనలో చాలామంది పిన్ అన్నా స్పిన్ అన్నా కాగితం ఒకేలా ఉంటుంది, ఎందుకంటే మనం ఇంగ్లీషును మన ‘ప’తోనే మాట్లాడతాం. తేడా చూడాలంటే బీబీసీ వార్తలు చదివేవాళ్ల మాట శ్రద్ధగా వినండి. లేదా ఆ కాగితం ముందు ‘పలం’ అని, తర్వాత రెండు పెదవులూ గట్టిగా మూసి తెరుస్తూ ‘ఫలం’ అని చూడండి. పై పళ్లు కింది పెదవికి తగిలితే మాత్రం అది ‘ఫ’ కాదు, ఫ్యానులోని శబ్దం. ఆ గొడవకు తర్వాత వస్తాను.

ఇప్పుడు అసలు లెక్క. ఇంగ్లీషు ఒక్క ముక్క తెలియని పరిశోధకుడు ఒకాయన లండన్‌లో నోటుపుస్తకం పట్టుకుని కూర్చున్నాడనుకుందాం. వినబడ్డ ప్రతి ‘ప’నూ ఎలా ఉందో అలా రాసుకుంటున్నాడు. పిన్‌లో గాలి బలంగా ఉంది. పేపర్‌లో మొదటి ‘ప’కు గాలి ఉంది, రెండోదానికి చాలా కొంచెం. అప్పియర్‌లో ‘ప’ పదం మధ్యలో ఉన్నా గాలి బలంగానే ఉంది. హ్యాపీలో లేనట్టే. స్పిన్‌లో, స్పోర్ట్‌లో అసలు లేదు. క్యాప్ అన్నప్పుడు చివర పెదవులు మూసుకుని ఒక్కోసారి తెరుచుకోనే లేదు, అంటే పేలుడే లేదు.

మొదట ఇదంతా గందరగోళంగా ఉంటుంది. నెమ్మదిగా ఒక పద్ధతి బయటపడుతుంది. గట్టిగా నొక్కి పలికే ప్రాణాక్షరానికి మొదట్లో ‘ప’ వస్తే గాలి వస్తుంది. పేపర్‌లో నొక్కు మొదటి భాగం మీద, అప్పియర్‌లో రెండో భాగం మీద ఉంటుంది కాబట్టే ఆ తేడా. ‘స్’ ముందుంటే గాలి రాదు. నొక్కు లేని చోట బాగా తగ్గుతుంది. ఈ సూత్రం చేతికొచ్చాక, తాను ఎన్నడూ వినని ఇంగ్లీషు మాట రాసి చూపించినా, అందులో ‘ప’కు గాలి ఉంటుందో లేదో మన పరిశోధకుడు ముందే చెప్పగలడు. ఒక ధ్వని ఎక్కడ వస్తుందో చుట్టూ ఉన్న ధ్వనుల్ని బట్టి చెప్పేయగలిగితే, ఆ ధ్వని కొత్తగా చెప్పే సంగతి ఏమీ లేదన్నమాట. మాట్లాడేవాడు దాన్ని ఎంచుకోవడం లేదు, చోటును బట్టి అదే వచ్చిపోతోంది. ఇలా ఒకటి ఉండే చోట ఇంకొకటి ఉండకుండా చోట్లు పంచుకున్న ధ్వనులు ఒకే వర్ణానికి సవర్ణాలు. ఇంగ్లీషులో ‘ప’ ఒకే వర్ణం. గాలి ఉన్న ‘ప’, గాలి లేని ‘ప’, చివర తెరుచుకోని ‘ప’ దాని సవర్ణాలు.

ఆయన ఇంకో పరీక్ష కూడా చేస్తాడు. గాలి ఉందా లేదా అన్న ఒక్క తేడాతో అర్థం మారిపోయే రెండు మాటలు ఇంగ్లీషులో ఉన్నాయా అని వెతుకుతాడు. ఒక్కటీ దొరకదు. స్పిన్‌ను గాలి పెట్టి పలికితే వింటున్నవాడు ‘ఇతనిది ఏ ఊరో’ అనుకుంటాడు తప్ప వేరే మాట అనుకోడు.

అదే నోటుపుస్తకంతో ఆయన్ని లక్నోకు పంపండి. తాలీ అంటే చప్పట్లు, థాలీ అంటే పళ్లెం. పల్ అంటే క్షణం, ఫల్ అంటే పండు. కానా అంటే ఒంటికన్నువాడు, ఖానా అంటే అన్నం. తాలీ, థాలీ రెండింటిలోనూ ఆ ధ్వని పదం మొదట్లోనే ఉంది, వెనక వచ్చే ‘ఆలీ’ రెండింటికీ ఒకటే. చుట్టూ చూసి గాలి వస్తుందో రాదో చెప్పడానికి ఇక్కడ దారి లేదు. ఏ అర్థం కావాలో దాన్ని బట్టి మాట్లాడేవాడే ఎంచుకోవాలి. కాబట్టి హిందీలో త, థ రెండు వేరువేరు వర్ణాలు. ఇలా ఒక్క ధ్వని తేడాతో నిలబడే పదాల జంట దొరికిందంటే వాదన అక్కడితో ముగిసినట్టే. థాయ్ భాషలో ఏకంగా ముగ్గురున్నారు. ఒకే స్వరంలో బా అంటే పిచ్చి, పా అంటే పెద్దమ్మ, ఒత్తు ఫా అంటే బట్ట. టేపు ముక్క విన్న థాయ్ వాళ్లు తడబడకపోవడానికి కారణం ఇదే. వాళ్ల భాషలో దానికి ముందునుంచే సొంత గది ఉంది.

నోటి దగ్గర జరిగేది లండన్‌లోనూ లక్నోలోనూ ఒకటే, గాలి రావడమో రాకపోవడమో. అందుకే శబ్దాన్ని యంత్రంలో పెట్టి ఎంత పరీక్షించినా అది వర్ణమో సవర్ణమో తేలదు. ఆ భాషలోని మిగతా మాటల పక్కన పెట్టి చూస్తేనే తేలుతుంది.

ఇంతవరకూ అంతా నున్నగా సాగింది గానీ, ఈ పద్ధతిలో ఒక చిక్కుముడి ఉంది. చోట్లు పంచుకున్నంత మాత్రాన రెండు ధ్వనులు ఒకే వర్ణమని చెప్పేస్తే తప్పులో కాలేస్తాం. ఇంగ్లీషులో ‘హ్’ అక్షరభాగం మొదట్లోనే వస్తుంది, సింగ్, కింగ్ మాటల చివర వినిపించే ‘ఙ్’ మొదట్లో ఎప్పుడూ రాదు. ఈ రెండూ ఎక్కడా ఎదురుపడవు. అయినా ఏ ఇంగ్లీషువాడూ వీటిని ఒకే ధ్వని అనుకోడు, ఎందుకంటే వాటి మధ్య పోలిక లేదు. కాబట్టి చోట్లు పంచుకోవడంతో పాటు ధ్వనిలో దగ్గరతనం కూడా ఉండాలని శాస్త్రజ్ఞులు షరతు పెట్టారు.

ఆ షరతు పెట్టగానే స్పిన్ మళ్లీ ఎదురు తిరుగుతుంది. స్పిన్‌లోని గాలి లేని ‘ప’ దేనికి దగ్గర? పిన్‌లోని గాలి ఉన్న ‘ప’కా, బిన్‌లోని కంపన లేని ‘బ’కా? టేపు ప్రయోగం చెప్పింది ‘బ’కు దగ్గరనే. మరి అది ‘బ’ వర్ణానికి సవర్ణమని ఎందుకనకూడదు? అనవచ్చు. ఇంగ్లీషులో ‘స్’ తర్వాత ప, బ రెండింటి మధ్య పోటీయే లేదు, స్పిన్‌కు ఎదురుగా స్బిన్ అనే మాట లేదు. ఇలాంటి చోట ఆ రెండు వర్ణాల మధ్య తేడా చెరిగిపోయిందనీ, అక్కడున్నది ఇదనో అదనో తేల్చనక్కర్లేదనీ ప్రాగ్ సంప్రదాయానికి చెందిన భాషాశాస్త్రజ్ఞులు, ముఖ్యంగా నికొలాయ్ త్రుబెత్స్‌కోయ్, వాదించారు. నాకు ఆ మాటే సబబుగా తోస్తుంది. స్పిన్‌ను పి అక్షరంతో రాయడం ఇంగ్లీషు లిపికి అలవాటు, అంతే. పక్కనే ఉన్న వేల్స్‌లో వెల్ష్ భాష ఇంకో అలవాటు పట్టింది. కళ్లజోడుకు ఇంగ్లీషు నుంచి తెచ్చుకున్న మాటను ఎస్ తర్వాత బి పెట్టి, స్బెక్టాల్ అన్నట్టు రాస్తారు. స్పెయిన్ దేశం పేరూ అంతే. బడికి వాళ్ల మాట అస్గాల్, అందులోనూ మనం ‘క’ రాసే చోట ‘గ’ ఉంది. వెల్ష్ ‘ప’, ‘క’ కూడా గాలితో పలికేవే కాబట్టి, గాలి లేనిది వినబడితే వాళ్లు ‘బ’, ‘గ’ అని రాసుకున్నారు.

ఇంగ్లీషు వాళ్లకు ఇంత స్పష్టమైన తేడా ఎలా వినబడదని అనిపిస్తే, మన చెవినీ ఒకసారి పరీక్షించుకోవాలి. డబ్బు, అడ్డు అనే మాటల్లో ‘డ’ పలికేటప్పుడు నాలుక పైకి మడిచి గట్టిగా ఆనుతుంది. గోడ, వాడు అన్నప్పుడు నాలుక ఆనీ ఆనకుండా ఒక్క తాకు తాకి కిందికి వచ్చేస్తుంది. ఇవి రెండు ధ్వనులు. హిందీలో రెండోదానికి అక్షరం కింద చుక్క పెట్టి వేరుగా రాస్తారు. మనకు రెండూ ‘డ’యే, బళ్లో ఏ మాస్టారూ చెప్పలేదు, చెప్పాల్సిన అవసరమూ రాలేదు. రెండు అచ్చుల మధ్య ఒకటి, పదం మొదటా ద్విత్వంలోనూ ఇంకొకటి. చోటు తెలిస్తే ధ్వని తెలిసిపోతుంది. తెలుగులో ఇవి సవర్ణాలు.

మరి తెలుగులో క, ఖ సంగతేమిటి? బడి పుస్తకం రెండు అక్షరాలు చూపిస్తుంది కాబట్టి రెండు వర్ణాలని ఎవరైనా అంటారు. అంత తేలిక కాదు. తెలుగు పుట్టిన ద్రావిడ కుటుంబానికి మూలభాషలో ఒత్తు ధ్వనులు లేవు. తమిళ లిపి ఇప్పటికీ వాటికి అక్షరాలు పెట్టుకోలేదు. 1858లో వచ్చిన బాలవ్యాకరణంలో చిన్నయసూరి సంస్కృతానికి యాభై వర్ణాలు చెప్పి, తెలుగుకు ముప్పై ఆరే చెప్పాడు. ఆ ముప్పై ఆరులో ఒత్తులు లేవు. సంస్కృతం మాటల వెంట అవి మన పలుకులోకి వచ్చాయి, తర్వాత ఉర్దూ దారిలో ఖర్చు, ఖైదీ, ఖాళీ లాంటివి తోడయ్యాయి.

అలా వచ్చినవి తెలుగులో వర్ణాలయ్యాయా అంటే, ఎవరి నోట అని అడగాలి. జంటలు లేకపోలేదు. కరమంటే చెయ్యి, ఖరమంటే గాడిద. దాత ఇచ్చేవాడు, ధాత బ్రహ్మ. బావి నీళ్లు తోడుకునేది, భావి రాబోయేది. ఇక్కడ చిన్న సంగతి చెప్పాలి. భ, ధ, ఘలు ఫ, థ, ఖల్లా కాదు. వీటిలో స్వరతంత్రులు కంపిస్తూనే ఉంటాయి, ఆ కంపనతో పాటు గాలి కూడా జారుతుంది. ఎడం కొలిచే లెక్క వీటికి సరిగ్గా కుదరదు. జంటల పరీక్ష మాత్రం కుదురుతుంది.

శ్రద్ధగా చదువుకుని, శ్రద్ధగా పలికేవాళ్ల నోట బావి, భావి వేరుగా వినబడతాయి. వాళ్ల తెలుగులో బ, భ రెండు వర్ణాలు. కానీ బాష, బయం, దనం, కర్చు అని పలికేవాళ్లు లక్షల్లో ఉన్నారు. వాళ్లలో చదువుకున్నవాళ్లూ తక్కువేం కాదు. వాళ్ల నోట రెండూ ఒకటే. ఒక్కోసారి ఒత్తు పలికినా, అదే మాటను మరోసారి ఒత్తు లేకుండా అంటారు, తేడా వచ్చిందని తమకే తెలియదు. వాళ్ల తెలుగులో ‘భ’ను ‘బ’కు సవర్ణమనాలి. అయితే ఇంగ్లీషు ‘ప’లా చోటును బట్టి మారే సవర్ణం కాదు, ఇష్టాన్ని బట్టి వచ్చిపోయే సవర్ణం. అలాగని అర్థానికి ఇబ్బంది వచ్చిందా? మీటింగులో నాయకుడు ‘బావి పౌరులు’ అంటే నూతిలో ఉన్న పౌరులని ఎవరూ అనుకోరు. జంటలు కొద్ది, ఉన్నవాటిలో సగం గ్రాంథికం, మిగతావి సందర్భంలోనే తేలిపోతాయి. హిందీవాళ్లు థాలీని తాలీ చేసుకోలేకపోవడానికీ మనం సులువుగా చేసుకోగలగడానికీ కారణం అదే.

తమాషా ఏమిటంటే, భాషను బాష అనే నోరే కోపం వస్తే ఛీ అంటుంది, థూ అంటుంది, రెండింటిలోనూ గాలి నిండుగా పెట్టి. అంటే నోరు తిరగక కాదు. ఆ తేడాకు తన భాషలో పని లేక. ఇంకో వింత, ఏబది, ఎనుబది అనే అచ్చ తెలుగు సంఖ్యలు ఇప్పుడు యాభై, ఎనభై అయ్యాయి. ఎక్కడి నుంచో తెచ్చుకున్న ‘భ’ ఇంటి మాటల్లోకీ చొరబడింది. ఇక ‘ఫ’ పూర్తిగా దారి మార్చుకుంది. ఫలం, ఫలితం అన్నప్పుడు మనలో చాలామందికి పై పళ్లు కింది పెదవి మీదికి వచ్చేస్తాయి. అది స్పర్శమే కాదు. ఫీజు, ఆఫీసు, ఫోను మాటలతో వచ్చిన ధ్వని పాత ‘ఫ’ కుర్చీలో కూర్చుంది. ప్రాచీన గ్రీకులో ‘ఫీ’ అనే అక్షరమూ మొదట ఒత్తు ‘ఫ’గా ఉండి తర్వాత ఇలాగే మారింది.

ఎవరికి ఏవి వర్ణాలో తెలుసుకోవడానికి దొంగచాటుగా సాక్ష్యమిచ్చేవి రాతలోని తప్పులు. పిల్లల నోటుపుస్తకాలు తీయండి. సంబంధాన్ని సంభందం అని, విద్యార్థిని విధ్యార్థి అని రాస్తారు. ఒత్తు ఎక్కడో ఒకచోట ఉందని కంటికి గుర్తుంది, ఎక్కడుందో చెవి చెప్పలేదు. కథను కధ, రథాన్ని రధం అని రాసేవాళ్లకు లెక్కే లేదు. కానీ గాలిని కాలి అని గానీ, పాలును బాలు అని గానీ రాసిన పిల్లవాడు దాదాపు కనబడడు. క, గల మధ్య తేడా వాడి నోట్లోనే ఉంది, రాసేటప్పుడు వెతుక్కోనక్కర్లేదు. క, ఖల మధ్య తేడాను మాటమాటకీ బట్టీ పట్టాల్సిందే. తప్పులు ఎక్కడ పోగుపడుతున్నాయో, అక్కడ ఆ పిల్లవాడి భాషలో రెండు వర్ణాలు లేవన్నమాట.

ఈ తేడా బయటి దేశాల్లో ఉన్న మనవాళ్లకు రోజూ ఎదురయ్యేదే. పద్మ అనే ఆవిడ అమెరికాలో ఫోన్‌లో పేరు చెబితే అవతలివాళ్లు బద్మ అని రాసుకుంటారు. కిరణ్ అంటే గిరణ్ అని రాసుకోవచ్చు. వాళ్ల చెవి మందం కాదు, మన ఉచ్చారణ తప్పూ కాదు. మన ‘ప’ ఎడం అంకెల్లో వాళ్ల ‘బ’ ఉన్న చోట పడింది. పదం మొదట వచ్చే ప, ట, కలకు కొంచెం గాలి జోడించి ఫద్మ, ఖిరణ్ అన్నట్టు పలికితే సరిగ్గా రాసుకుంటారు. మనకు వినడానికి ఎబ్బెట్టుగా ఉంటుంది, కాని పని జరుగుతుంది. పేరులో ఒక్కో అక్షరం చెప్పేటప్పుడు కూడా ‘పి’ని గాలితో చెప్పాలి, లేకపోతే అదీ ‘బి’ అయిపోతుంది.

మరి పెన్నును మనం ఫెన్ను అని ఎందుకు రాయలేదు? హిందీవాళ్లకు ‘ఫ’ రోజువారీ వర్ణమే, అయినా వాళ్లూ పెన్ అనే రాశారు. ఇంగ్లీషు మనకు చెవి ద్వారా కంటే కంటి ద్వారా ఎక్కువ వచ్చిందని నా అభిప్రాయం. పి అనే అక్షరానికి ‘ప’ అని ఒకసారి కుదిరాక, తెల్లవాడి నోటి గాలిని ఎవరు పట్టించుకుంటారు? పేర్ల విషయంలో ఇలాంటి తికమకే ఇంకొకటి ఉంది. మనవైపు ‘త’ను ‘ట’ నుంచి వేరు చేయడానికి లత, సుజాత పేర్లలో టి పక్కన హెచ్ పెడతాం. ఉత్తరాదిలో హెచ్ పెడితే ఒత్తు ఉందని లెక్క. అందుకే ఢిల్లీ ఆఫీసులో లత కాస్తా లథ అవుతుంది.

మీ ఇంట్లో ఎవరి తెలుగులో ఒత్తులు వర్ణాలో చూడాలనుకుంటే, రాసిన మాట చూపించి చదివించకండి. రాత కనబడితే ఎవరైనా జాగ్రత్తపడి పలుకుతారు. అడిగి చెప్పించండి, ‘నీళ్లు తోడుకునేదాన్ని ఏమంటారు?’, ‘చీకట్లో ఒంటరిగా ఉంటే ఏమేస్తుంది?’ అని. ఫోన్‌లో రికార్డు చేసి, మాట మొదటి ముక్క మాత్రం ఇంకొకరికి వినిపించి, అది బ తోనో భ తోనో మొదలైందో రాయమనండి. ఒకే మాటను రెండు మూడు సార్లు, మధ్యలో వేరే మాటలు పెట్టి అడగండి. ఒక్కోసారి ఒక్కోలా వస్తే ఆ నోట రెండు వర్ణాలు లేవు. పక్కనున్నవాళ్లు ముందే సంగతి తెలిసి ఒత్తి ఒత్తి పలికితే ఆ ఫలితాన్ని లెక్కలోంచి తీసేయండి.

బడిలో మాస్టార్లకూ ఒక మనవి. భాషను బాష అనే పిల్లవాడికి నోరు సరిగ్గా లేదని చెప్పకండి. వాడి ఇంటి తెలుగులో ఆ తేడా లేదు, ఇంగ్లీషువాడికి లేనట్టే. తాలీ, థాలీలాంటి జంటలు ముందు వినిపించండి, బావి, భావి పక్కపక్కన పలికి ఏది ఏదో చెప్పమనండి. చెవికి తేడా పట్టుబడ్డాకే రాత దిద్దండి.